ఓపిక లేని రోజులకూ సరిపోయే పని

"నాకు లూపస్ జబ్బుంది అక్కా. ఇవాళ బాగుంటా, రేపు మంచం దిగలేను. కావలిలో ఇంట్లోనే ఏం చేసుకోను?"

చీరలకు ఫాల్ కుట్టే పని చూడమ్మా. నాదీ ఇదే జబ్బు. వేళ్ల కీళ్లు నొప్పెడితే మాత్రం వద్దు.

ముందు 2 వారాలు తెలిసినవాళ్ల చీరలే కుట్టి లెక్క రాసుకో. నాకు మొదటి వారం 16, రెండోవారం 6 అయ్యాయి. ఆ 6 చూసే చీరలు ఒప్పుకుంటాను, 16 చూసి కాదు. గడువు 10 రోజులు. రేపటికి కావాలంటే, ఎంత డబ్బిచ్చినా తీసుకోను. ఒకసారి తీసుకుని పెళ్లివాళ్ల చేత మాట పడ్డాను.

ఓపిక లేనప్పుడు కాటన్ ఫాల్ నీళ్లలో నానేసి ఆరేస్తే చాలు. అలా చేయకుండా కుడితే, మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి చీర అంచు ముడతలు పడుతుంది. ఓపికున్న రోజు చేతికుట్టు. పికో మాత్రం మిషన్ ఉన్నవాళ్లకిచ్చెయ్.

మిగిలిన ఓపికకి లంగాలు కుట్టి పెట్టుకో, వాటికి గడువుండదు.