180 రోజుల చెల్లింపు నోటీసు: క్రెడిట్ మొత్తం వెనక్కి కట్టే ముందు చూడవలసినవి

ప్రశ్న: బెంగళూరులో మాది యంత్ర విడిభాగాలు చేసే చిన్న యూనిట్. 2023-24 సంవత్సరానికి జీఎస్టీ అధికారి నుంచి, రిటర్నుల్లో తేడాలకు వివరణ అడిగే ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వచ్చింది. సప్లయర్లకు 180 రోజుల్లో డబ్బు చెల్లించలేదు కాబట్టి తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో సహా వెనక్కి కట్టమన్నారు. వాళ్లలో చాలామందికి ఆ తర్వాత డబ్బు ఇచ్చేశాం. అయినా కట్టాల్సిందేనా? జవాబు ఎలా రాయాలి?

జవాబు:

ముందుగా నోటీసులోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. పీణ్య పారిశ్రామికవాడ చుట్టుపక్కల చిన్న యూనిట్ల లెక్కలు చూసే పనిలో ఇలాంటి నోటీసులు నా చేతికి తరచుగా వస్తుంటాయి. వాటిలో ఎక్కువ శాతం ఒక్కొక్క ఇన్వాయిస్‌ను పరిశీలించి తయారుచేసినవి కావు. ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్‌లో మార్చి 31 నాటికి సప్లయర్లకు ఇవ్వవలసిన బాకీ ఎంతుందో తీసుకుని, అందులో 18 శాతం పన్ను కలిసి ఉందని అనుకుని, ఆ పన్ను మొత్తాన్ని డిమాండ్‌గా రాస్తారు. బాకీ ఉన్న ప్రతి రూపాయీ 180 రోజులు దాటినది కాదు, బాకీ ఉన్న ప్రతి రూపాయి మీదా మీరు క్రెడిట్ తీసుకుని ఉండరు. కాబట్టి ఆ ఒక్క అంకెను ఇన్వాయిస్ వారీగా విడగొట్టి చూపించడమే జవాబులో ప్రధాన భాగం అవుతుంది.

నేను దగ్గరుండి జవాబు రాయించిన ఒక యూనిట్ లెక్కను, అంకెలను కొద్దిగా గుండ్రంగా మార్చి, ఇక్కడ చెబుతాను. నోటీసులో బాకీ 11,80,000 రూపాయలు, దాని మీద పన్ను 1,80,000 రూపాయలు అని ఉంది. పార్టీ లెడ్జర్లన్నీ తీసి చూస్తే అందులో 1,50,000 రిజిస్ట్రేషన్ లేని జాబ్ వర్క్ వాళ్లకు ఇవ్వవలసినది. ఆ బిల్లుల్లో జీఎస్టీయే లేదు. ఇంకో 90,000 లారీ రవాణా వాళ్లది. దాని మీద పన్నును యూనిటే రివర్స్ ఛార్జి కింద కట్టింది. 180 రోజుల నిబంధన రివర్స్ ఛార్జి సరఫరాలకు వర్తించదని జీఎస్టీ చట్టం సెక్షన్ 16(2) రెండవ ప్రొవైజోలోనే ఉంది. మరో 59,000 భోజనాల క్యాటరింగ్ బిల్లులు. వాటి మీద యూనిట్ మొదటి నుంచీ క్రెడిట్ తీసుకోలేదు, తీసుకోని క్రెడిట్‌ను వెనక్కి కట్టమనడానికి వీలులేదు.

పెద్ద భాగమైన 7,33,500 రూపాయలు 2023 అక్టోబరు 3 నుంచి 2024 మార్చి 31 మధ్య తేదీలున్న ఇన్వాయిస్‌లవి. అక్టోబరు 3 నాటి ఇన్వాయిస్‌కు 180వ రోజు సరిగ్గా మార్చి 31 అవుతుంది. అందువల్ల ఆ తేదీనాటికి వీటిలో ఏదీ గడువు దాటలేదు. అయితే ఇంతటితో ఆగితే, మార్చి తర్వాత గడువులోపు చెల్లించారా అని అధికారి తప్పకుండా అడుగుతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆయా చెల్లింపులను గుర్తించి, యూటీఆర్ నంబర్లతో జవాబులోనే జతచేయండి. అడిగిన తర్వాత ఇవ్వడం కన్నా ముందే ఇవ్వడం మంచిది.

ఇవన్నీ తీసేస్తే నిజంగా గడువు దాటినది ఒక్క స్టీల్ వ్యాపారి ఇన్వాయిస్‌లో మిగిలిన 1,47,500 రూపాయలు. ఆ ఇన్వాయిస్ తేదీ 2023 జూన్ 10, విలువ 5,00,000, పన్ను 90,000, మొత్తం 5,90,000. 180వ రోజైన డిసెంబరు 7 నాటికి 4,42,500 చెల్లించారు. మిగిలిన నాలుగో వంతును 2024 ఏప్రిల్ 12న ఇచ్చారు. చెల్లించని భాగానికి అనుపాతంలోనే క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలని జీఎస్టీ నియమాల్లోని రూల్ 37(1) చెబుతుంది. ఆ మాటను 2022 డిసెంబరు 26 నాటి నోటిఫికేషన్ ద్వారా చేర్చి, 2022 అక్టోబరు 1 నుంచే అమలయ్యేలా చేశారు. అంటే 90,000లో నాలుగో వంతు, 22,500 రూపాయలు మాత్రమే చర్చకు మిగిలాయి.

ఇక్కడే విచారణలో అసలు ప్రశ్న వచ్చింది. యూనిట్ ఆ స్టీల్ వ్యాపారికి ఎప్పుడూ బిల్లు బిల్లుకూ విడిగా చెల్లించేది కాదు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు రెండు లక్షలో మూడు లక్షలో ఆర్‌టీజీఎస్ చేసి, ట్యాలీలో 'ఆన్ అకౌంట్' అని రాసేవారు. అధికారి లెడ్జర్ తిప్పుతూ ఒక మూడు లక్షల ఎంట్రీ మీద వేలు పెట్టి, ఇది జూన్ బిల్లుకే ఇచ్చారని, ఆగస్టు బిల్లుకు కాదని ఎలా చెబుతారని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి సమాధానం జీఎస్టీ చట్టంలో లేదు, 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో ఉంది. బాకీదారు ఫలానా బాకీకి అని చెప్పి డబ్బు ఇచ్చి, ఎదుటివారు తీసుకుంటే దానికే జమ చేయాలని సెక్షన్ 59, చెప్పకపోతే ఇష్టమైన బాకీకి జమ చేసుకునే వీలు తీసుకున్నవారికి ఉంటుందని సెక్షన్ 60, ఇద్దరూ ఏమీ చెప్పకపోతే బాకీలు తీరే క్రమం వాటి తేదీల క్రమమేనని సెక్షన్ 61 చెబుతాయి. మేము స్టీల్ వ్యాపారి దగ్గర నుంచి, పాత బిల్లు ముందుగా తీరినట్లు చూపే బిల్ వారీ లెడ్జర్ మీద సంతకం, ముద్ర వేయించి తెచ్చి, సెక్షన్ 61ను జవాబులో ఉటంకించాము. అధికారి ఆ లెడ్జర్‌ను మా లెడ్జర్‌తో, బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పోల్చి చూసుకుని అంగీకరించారు. మీకు 'ఆన్ అకౌంట్' చెల్లింపులు ఉంటే ఈ ధ్రువీకరణ కోసం ఇప్పుడే సప్లయర్‌ను అడగండి, ఎందుకంటే వాళ్లు అది తయారుచేసి ఇవ్వడానికి మీరు అనుకున్న దానికన్నా ఎక్కువ సమయం పడుతుంది.

ఇక ఆలస్యంగానైనా చెల్లించేసిన 22,500 సంగతి. చెల్లించిన తర్వాత క్రెడిట్‌ను తిరిగి పొందే హక్కు సెక్షన్ 16(2) మూడవ ప్రొవైజో ఇస్తుంది. 2023-24 క్రెడిట్‌కు సాధారణ గడువు 2024 నవంబరు 30తో ముగిసింది కాబట్టి ఇప్పుడు తిరిగి తీసుకోలేరని కొన్ని నోటీసుల్లో రాస్తున్నారు. అది సరికాదు. ఒకసారి వెనక్కి ఇచ్చిన క్రెడిట్‌ను తిరిగి తీసుకోవడానికి సెక్షన్ 16(4) గడువు వర్తించదని రూల్ 37(4) స్పష్టంగా చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదివితే, చెల్లింపు పూర్తయిన ఇన్వాయిస్ మీద ప్రభుత్వానికి రావలసినది మధ్యకాలపు వడ్డీయే తప్ప క్రెడిట్ అసలు కాదు. జవాబులో ఈ వాక్యాన్ని దాచకుండా, సూటిగా రాయాలి.

వడ్డీ ఎప్పటి నుంచి అన్నది తరువాతి వివాదం. మా నోటీసులో క్రెడిట్ తీసుకున్న తేదీ నుంచి 18 శాతం లెక్కవేశారు. పాత రూల్ 37(3) అలా ఉండేది, కానీ 2022 అక్టోబరు 1 నుంచి దాన్ని తొలగించారు. తీసుకున్న రోజున ఆ క్రెడిట్‌లో ఏ తప్పూ లేదు. 180 రోజులు గడిచాక, ఆ తర్వాతి పన్ను కాలపు రిటర్న్ జీఎస్టీఆర్-3బీలో వెనక్కి ఇవ్వనప్పుడే లోపం మొదలవుతుంది. మా ఇన్వాయిస్‌కు గడువు డిసెంబరులో ముగిసింది కాబట్టి తర్వాతి కాలం 2024 జనవరి, దాని రిటర్న్ గడువు ఫిబ్రవరి 20. చెల్లింపు ఏప్రిల్‌లో జరిగింది, ఆ నెల రిటర్న్ గడువు మే 20. మధ్యలో 90 రోజులు. 22,500 మీద 18 శాతం చొప్పున 90 రోజులకు 999 రూపాయలు. చెల్లించిన ఏప్రిల్ 12తోనే వడ్డీ ఆగాలని కూడా వాదించవచ్చు, కానీ ఆ తేడా నాలుగు వందల రూపాయల చిల్లర కాబట్టి మేము ఆ వాదన జోలికి పోలేదు. మీ మొత్తం పెద్దదైతే మాత్రం వదలకండి. అలాగే ఆ కాలమంతా ఎలక్ట్రానిక్ క్రెడిట్ లెడ్జర్‌లో నిల్వ ఆ మొత్తం కన్నా తగ్గకుండా ఉందేమో చూడండి. తగ్గకపోతే ఆ క్రెడిట్‌ను వాడుకోనట్లేనని, వాడుకోనప్పుడు సెక్షన్ 50(3) కింద వడ్డీ పడదని రూల్ 88బీ(3) ఆధారంగా వాదించే అవకాశం ఉంది. లెడ్జర్‌ను డౌన్‌లోడ్ చేసి ఆ వాదనను అదనంగా రాయండి, దాని మీదే మొత్తం భారం వేయవద్దు.

మేము ఆ 999 రూపాయలను నోటీసు రిఫరెన్స్ నంబరు వేసి, స్వచ్ఛందంగా కట్టే ఫారం డీఆర్‌సీ-03 ద్వారా కట్టాము. వడ్డీని క్రెడిట్ లెడ్జర్ నుంచి కట్టడం కుదరదు, క్యాష్ లెడ్జర్‌లో డబ్బు వేసుకోవాలి. ఏఎస్‌ఎంటీ-11లో జవాబు, ఇన్వాయిస్ వారీ పట్టిక, సప్లయర్ ధ్రువీకరణ, బ్యాంక్ కాగితాలు, డీఆర్‌సీ-03 నకలు జతచేశాము. తర్వాత జవాబును అంగీకరించినట్లు తెలిపే ఏఎస్‌ఎంటీ-12తో ఆ విషయం ముగిసింది.

అందరు అధికారులూ ఇలా ఒప్పుకోరు. ముందు వెనక్కి ఇచ్చి, తర్వాత తిరిగి తీసుకుంటేనే చెల్లుతుందని పట్టుబట్టేవారు ఉన్నారు. అలా అయితే ఆ మొత్తాన్ని డీఆర్‌సీ-03లో కట్టే కన్నా జీఎస్టీఆర్-3బీ పట్టిక 4(B)(2)లో చూపి వెనక్కి ఇవ్వండి. అక్కడ చూపినదే క్రెడిట్ రివర్సల్, రీక్లెయిమ్ స్టేట్‌మెంట్‌లో నిల్వగా నిలుస్తుంది. తిరిగి తీసుకునేటప్పుడు 4(A)(5)లో కలిపి, 4(D)(1)లో చూపాలి. డీఆర్‌సీ-03లో కట్టిన మొత్తం ఆ స్టేట్‌మెంట్‌లోకి రాదు కాబట్టి తిరిగి తీసుకోవడం కష్టమవుతుంది.

మీ జాబితాలో ఈ రోజుకీ చెల్లించని ఇన్వాయిస్‌లు ఉంటే వాటి విషయంలో వాదించవద్దు. ఆ భాగాన్ని వడ్డీతో ఇప్పుడే వెనక్కి ఇవ్వండి. షోకాజ్ నోటీసు రాకముందు కడితే సెక్షన్ 73(5) కింద జరిమానా ఉండదు, వచ్చిన 30 రోజుల్లో కట్టినా 73(8) కింద ఉండదు. డబ్బు ఇచ్చాక క్రెడిట్ తిరిగి వస్తుంది. ఆ సప్లయర్ మీ దగ్గర కూడా కొనేవాడై, ఇద్దరి బాకీలను పుస్తకాల్లో సర్దుబాటు చేసి ఉంటే, అది కూడా చెల్లింపేనని 2019లో పశ్చిమ బెంగాల్ ముందస్తు తీర్పుల అథారిటీ చెప్పింది. అలాంటి తీర్పు అడిగినవారికే కట్టుబాటు, మీ అధికారిని కట్టడి చేయదు. అయినా ఇద్దరి సంతకాలున్న సర్దుబాటు పత్రంతో కలిపి ఇస్తే బలం ఉంటుంది.

నోటీసు అందిన 30 రోజుల్లో, లేదా అందులో రాసిన గడువులోపు జవాబు వేయాలి. కాగితాలు సిద్ధం కాకపోతే గడువు ముగియకముందే రాతపూర్వకంగా సమయం అడగండి. ఆ తర్వాత పోర్టల్‌లో 'అదనపు నోటీసులు, ఆర్డర్లు' అన్న భాగాన్ని వారానికోసారి తెరిచి చూడండి, షోకాజ్ నోటీసు డీఆర్‌సీ-01 వస్తే అక్కడే పడుతుంది. అది వస్తే డీఆర్‌సీ-06లో ఇవే ఆధారాలతో జవాబిచ్చి, వ్యక్తిగత విచారణ కావాలని అందులోనే అడగండి. సెక్షన్ 75(4) ప్రకారం అడిగితే విచారణ ఇవ్వకుండా ఆర్డర్ వేయకూడదు.