రాడ్ తప్పు సగమే, మిగతా సగం ఎర్త్‌ది

“చలికాలంలో రూమ్ హీటర్, బ్లోయర్, నీళ్లు కాగబెట్టే రాడ్... వీటిలో దేనికి కరెంటు తక్కువ కాలుతుంది? ఏది సేఫ్?”

ఆదిలాబాద్‌లో నాకిది పదకొండో చలికాలం. నన్నడిగితే ఖర్చు తక్కువ రాడ్‌కే, భయపడాల్సిందీ రాడ్‌కే.

మూడేళ్ల కింద అద్దింట్లో ఉన్నప్పుడు, జనవరిలో, తెల్లవారుజామున ప్లాస్టిక్ బకెట్లో రాడ్ పెట్టి స్విచ్ వేశాను. కాగాయో లేదో చూద్దామని స్విచ్ బంద్ చేయకుండానే నీళ్లలో వేలు పెట్టాను. మోచేతి దాకా ఎవరో పళ్లతో కొరికినట్టయింది. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండబట్టి అంతటితో పోయింది.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే రాడ్ చుట్ట మీద వెంట్రుకంత చీలిక. వారం ముందు మావాడు నీళ్లలో పెట్టకుండానే స్విచ్ వేస్తే అది ఎర్రగా కాలింది. ఆ చీలికలోంచి నీళ్లు లోపలికి దిగి, కరెంటు బయటికొచ్చింది. సాకెట్‌లో మూడో రంధ్రానికి అసలు ఎర్త్ వైరే లేదు! ఎర్త్ ఉంటే లీకయిన కరెంటు అటు పోయేది, లీకేజీని కనిపెట్టి కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ కూడా ఉంటే వెంటనే ట్రిప్పయ్యేది. ప్లాస్టిక్ బకెట్లో దానికి ఎటూ దారి లేదు, నా వేలు దొరికే దాకా నీళ్లలోనే కూర్చుంది. ఓనరుకి చెబితే “ఇన్నేళ్లలో ఎవరికీ ఏం కాలేదు సార్” అన్నాడు. గోడలకు ఏటా రంగులేయిస్తాడు, ఎర్త్ వైరుకు మాత్రం డబ్బుల్లేవు.

ఇక ఖర్చు. 20 లీటర్ల నీళ్లు 15 డిగ్రీల నుంచి 45కి రావాలంటే సుమారు ముప్పావు యూనిట్, 1500 వాట్ల రాడ్‌కి అరగంట. ముగ్గురికి మూడు బకెట్లంటే రోజుకు రెండుంపావు యూనిట్లు. 2000 వాట్ల బ్లోయర్ ఫుల్ మీద ఆగకుండా తిరిగితే గంటకే రెండు యూనిట్లు. రాత్రి మూడు గంటలు వేస్తే నెలకు 180. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇంట్లో మిగతా వాడకానికి ఇదొక్కటి తోడైతే చాలు, గీత దాటించి మొత్తం బిల్లు కట్టించడానికి.

అందుకే గదంతా కాకుండా మన ఒంటినే వెచ్చబరిచే 800 వాట్ల రూమ్ హీటర్ నయం. మూడు గంటలకు రెండున్నర యూనిట్లు కూడా కాదు. దుప్పటి, కర్టెన్ మాత్రం మీటరు దూరంలో ఉండాలి. బ్లోయర్ ఆక్సిజన్ తాగేస్తుందని మా అత్తగారి టెన్షన్. అది తాగేది కరెంటే, ఆక్సిజన్ తాగేది బొగ్గుల కుంపటి. బ్లోయర్‌తో నా భయం వేరు. దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది, దాన్ని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెడితే ప్లగ్ గోధుమ రంగుకి తిరుగుతుంది, ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది. పెద్ద పవర్ సాకెట్‌కే పెట్టాలి.

ఇప్పుడు నేను ముందు రాడ్‌ను గుర్తు దాకా ముంచి, ఆ తర్వాతే స్విచ్ వేస్తాను. కాగాక స్విచ్ బంద్ చేసి, ప్లగ్ పీకి, కాసేపాగి రాడ్ బయట పెట్టాకే వేలు పెడతాను. ఆ ఇంటికి ఇప్పటికీ ఎర్త్ లేదట. మేమే ఇల్లు మారాం.