రేటింగ్ రెండింటికీ నాలుగున్నరే, మరి ముందు ఏది కట్టాలి?

"మేడం, నేను హైదరాబాద్‌లో ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రైవేటు వాటర్ ట్యాంకర్లు బుక్ చేసుకునే యాప్ నా ప్రాజెక్టు. నిజాంపేట అపార్ట్‌మెంట్లలో 40 మందిని సర్వే చేశాను. ట్యాంకర్ ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే ఫీచర్‌కి 4.6, ట్యాంకర్ రావట్లేదని ముందే చెప్పే ఫీచర్‌కి 4.5 రేటింగ్ వచ్చింది. ప్రొడక్ట్ అనలిస్ట్ ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో 'వీటిలో యూజర్ మురిసిపోయేది ఏది, ఉంటే చాలనుకునేది ఏది? కానో మోడల్ తెలుసా?' అని అడిగారు. నోరు పెగల్లేదు. వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఏం చదవమంటారు?"

కొత్తగా చదవాల్సింది పెద్దగా లేదు. అదే సర్వే ఇంకోసారి, వేరే ప్రశ్నలతో చేయండి. రెండు ఆదివారాలు సరిపోతాయి.

"ఇది మీకు ఎంత ముఖ్యం?" అని అడిగితే ఎవరైనా నాలుగో అయిదో వేస్తారు. ఊరికే వస్తుంటే వద్దనేదెవరు? జపాన్ ప్రొఫెసర్ నొరియాకి కానో, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పరిశోధనలో పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. సంతోషం, అసంతృప్తి ఒకే కర్రకు రెండు కొసలు కావు. ఇరానీ హోటల్లో చాయ్ వేడిగా వచ్చిందని ఎవరూ పొగడరు, చల్లగా వస్తే మాత్రం గొడవే. అదే చాయ్‌తో పాటు అడక్కుండా ఒక ఉస్మానియా బిస్కెట్ పెడితే మొహం వెలుగుతుంది, పెట్టకపోతే ఎవరికీ గుర్తు కూడా ఉండదు. రేటింగ్ అడిగితే ఈ రెండూ ఒకలాగే కనబడతాయి.

అందుకే కానో పద్ధతిలో ఒక్కో ఫీచర్‌కి రెండు ప్రశ్నలుంటాయి. "ట్యాంకర్ రావట్లేదని యాప్ ముందే చెబితే మీకెలా ఉంటుంది?" అనేది మొదటిది. "చెప్పకపోతే మీకెలా ఉంటుంది?" అనేది రెండోది. రెండింటికీ అవే అయిదు జవాబులు: నచ్చుతుంది, అలాగే ఉండాలి, ఎలాగైనా ఒకటే, సర్దుకుంటాను, నచ్చదు. ఒకే మనిషి ఇచ్చిన రెండు జవాబులను జతగా చదవాలి, విడివిడిగా కాదు.

ఉంటే నచ్చుతుంది, లేకపోతే నచ్చదు అంటే అది ఎంత బాగా చేస్తే అంత సంతృప్తినిచ్చే ఫీచర్. ఉంటే నచ్చుతుంది, లేకపోయినా మధ్య మూడు జవాబుల్లో ఏదో ఒకటి అంటే మురిపించేది. ఉంటే మధ్య మూడింటిలో ఒకటి, లేకపోతే మాత్రం నచ్చదు అంటే తప్పనిసరిది. రెండింటికీ మధ్య జవాబులే వస్తే ఆ మనిషికి దానితో పని లేదు. ఉంటేనే నచ్చదు, లేకపోతే నచ్చుతుంది అన్నవాళ్ళకు అది అడ్డం. ఉన్నా నచ్చుతుంది, లేకపోయినా నచ్చుతుంది అంటే ప్రశ్న సరిగా చదవలేదని అర్థం, ఆ జవాబును పక్కన పెట్టేయండి.

తెలుగులో అడిగేటప్పుడు ఒక గుంట ఉంది. రెండో జవాబును చాలామంది "ఉండాల్సిందే" అని రాస్తారు. మొదటి ప్రశ్న కింద అది బాగానే ఉంటుంది. "చెప్పకపోతే?" అన్న ప్రశ్న కింద కూడా అదే మాట కనబడగానే వాచ్‌మన్ "అవునమ్మా, ఆ ఫీచర్ ఉండాల్సిందే" అనుకుని టిక్ పెట్టేస్తాడు. నిజానికి అక్కడ ఆ జవాబు అర్థం "చెప్పకపోవడమే సరైన పద్ధతి" అని. ఫలితంగా రెండూ మధ్య జవాబులై, తప్పనిసరి ఫీచర్ కాస్తా పని లేనిదిగా లెక్కలోకి వస్తుంది. ఇద్దరు ముగ్గురైతే ఫరవాలేదు. రెండు చోట్లా "ఉండాల్సిందే" అన్నవాళ్ళు గుంపుగా కనబడితే తప్పు మీ ఫారంలోనే ఉంది, జనంలో కాదు. నేనైతే మొదటి అయిదుగురికి ఫారం చేతికివ్వను. పక్కన కూర్చుని చదివి వినిపించి, "ఎందుకలా అన్నారు?" అని అడుగుతాను.

ఇక లెక్క. మీ 40 మంది జవాబులు ఇలా వచ్చాయనుకుందాం. రావట్లేదని ముందే చెప్పడం 22 మందికి తప్పనిసరి. 12 మందికి ఎంత బాగుంటే అంత మేలు, ముగ్గురికి మురిపెం, ముగ్గురికి పని లేదు. దీన్నుంచి రెండు అంకెలు తీస్తారు. ఫీచర్ ఉంటే సంతోషించేవాళ్ళు మురిపెం, ఎంత బాగుంటే అంత మేలు అన్నవాళ్ళు కలిపి 15 మంది, అంటే 40లో 0.38. లేకపోతే మండిపడేవాళ్ళు 12, 22 కలిపి 34 మంది, అంటే 0.85. ఈ రెండో అంకెను మైనస్ గుర్తుతో రాస్తారు, ఇక్కడ మాత్రం సులువు కోసం ఆ గుర్తు వదిలేస్తున్నాను. ఇది చేసినందుకు మిమ్మల్ని ఎవరూ మెచ్చుకోరు గానీ, చేయకపోతే యాప్ తీసేస్తారు.

మ్యాప్ సంగతి చూస్తే 17 మందికి మురిపెం, 9 మందికి ఎంత బాగుంటే అంత మేలు, అయిదుగురికి తప్పనిసరి, 9 మందికి పని లేదు. సంతోషం 0.65, అసంతృప్తి 0.35. ఎక్కువ మంది మురిపెం అన్నారు కాబట్టి మురిపించే ఫీచర్ అని రాసేసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీరు ఆగకండి, ఆ 40 మంది ఎవరో చూడండి.

అందులో 24 మంది ఫ్లాట్లలో ఉండేవాళ్ళు, 16 మంది అసోసియేషన్ సెక్రటరీలు, వాచ్‌మన్లు అనుకుందాం. ఫ్లాట్లవాళ్ళలో 15 మందికి మ్యాప్ మురిపెం, ఆరుగురికి పని లేదు, మిగతా ముగ్గురే అది లేకపోతే బాధపడతారు. సెక్రటరీలు, వాచ్‌మన్లలో ఇద్దరికే మురిపెం, ముగ్గురికి పని లేదు, 11 మందికి లేకపోతే కుదరదు. అసంతృప్తి అంకె అక్కడ 3/24, అంటే 0.13. ఇక్కడ 11/16, అంటే 0.69. కారణం వెతుక్కోనక్కర్లేదు. మే నెలలో పొద్దున్నే గేటు తీసి, సంపు మూత ఎత్తి, పైపు పట్టుకుని నిలబడేది వాచ్‌మన్. "ట్యాంకర్ ఎక్కడిదాకా వచ్చింది?" అని సెక్రటరీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మూడో అంతస్తులో ఉన్నవాళ్ళకు కుళాయిలో నీళ్ళు వస్తే చాలు, మ్యాప్ ఒక సరదా.

కాబట్టి ఇంటర్వ్యూలో "మ్యాప్ మురిపించే ఫీచర్" అనకండి. "ముందే చెప్పడం మొదటి వెర్షన్‌లోనే ఉండాలి. మ్యాప్‌ను సెక్రటరీల, వాచ్‌మన్ల లాగిన్‌కి ముందు ఇస్తాను, ఫ్లాట్లవాళ్ళకు తర్వాత" అనండి. ఆ వెంటనే 16 మంది చాలా తక్కువని, ఇద్దరు ముగ్గురు మాట మార్చినా అంకె కదులుతుందని మీరే ఒప్పుకోండి. అడిగించుకుని ఒప్పుకోవడం కంటే అది నయం. జీపీఎస్ పెట్టడానికి డ్రైవర్లు ఒప్పుకుంటారా, ఖర్చెంత అన్నవి ఈ మోడల్ చెప్పదు. వాటికి వేరే కాలమ్ పెట్టుకోండి.

బహుశా ఇంకో ప్రశ్న వేస్తారు, "ఈ ఫలితం ఎన్నాళ్ళు నిలుస్తుంది?" అని. 2016లో యూపీఐ వచ్చిన కొత్తలో కిరాణా కొట్లో ఫోన్‌తో డబ్బు కట్టడం ఒక వింత. ఇప్పుడు స్కానర్ లేదంటే కొట్టువాడిని ఎగాదిగా చూస్తాం. మురిపెం తప్పనిసరిగా మారుతుందని కానో కూడా చెప్పాడు. మీ సర్వేని వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేస్తే ఒకే మనిషి జవాబు మారవచ్చు. అందుకే షీటులో తేదీతో పాటు ఆ వారం వాళ్ళు ఎన్ని ట్యాంకర్లు తెప్పించుకున్నారో కూడా రాసుకోండి.