స్విచ్ హబ్‌లా అందరికీ పంపుతోంది, ఎందుకు?

"ప్యాకెట్ ట్రేసర్‌లో PC0 నుంచి PC1కి పింగ్ చేస్తే PC2కి కూడా వెళ్తోంది. స్విచ్ పెట్టినా హబ్‌లాగే ఉందేంటి?"

మీరు చూసింది పింగ్ కాదు, దానికి ముందు PC1 మ్యాక్ అడ్రస్ ఏంటని అడుగుతూ వెళ్లే ఏఆర్‌పీ రిక్వెస్ట్ అయ్యుంటుంది. అది బ్రాడ్‌కాస్ట్, ఏ స్విచ్ అయినా అందరికీ పంపాల్సిందే.

1. PC0 రిక్వెస్ట్ Fa0/1లో వచ్చింది. స్విచ్ ముందు పంపినవాడి అడ్రస్ చూసి, "PC0 మ్యాక్, Fa0/1" అని టేబుల్‌లో రాసుకుంటుంది. తర్వాత మిగతా పోర్టులన్నింటికీ వదులుతుంది.

2. చాలామంది తికమకపడేది ఇక్కడే: స్విచ్ నేర్చుకునేది సోర్స్ అడ్రస్ నుంచే, డెస్టినేషన్ నుంచి ఎప్పుడూ కాదు. అందుకే PC1 నోరు విప్పేదాకా అది ఎక్కడుందో స్విచ్‌కి తెలీదు.

3. PC1 జవాబు Fa0/2లో వచ్చింది. ఇప్పుడు PC1 కూడా టేబుల్‌లోకి ఎక్కింది. PC0 ముందే ఉంది కాబట్టి జవాబు Fa0/1కి మాత్రమే వెళ్తుంది. హబ్ అయితే ఈ జవాబునీ PC2 మీద పడేసేది; దానికి టేబులే లేదు, వచ్చిన సిగ్నల్‌ని మిగతా అన్ని పోర్టుల్లోకీ తోసేయడమే దాని పని.

4. సిమ్యులేషన్ మోడ్‌లో మళ్లీ పింగ్ చేసి, ఐసీఎంపీ కవరు PC2కి వెళ్తోందేమో చూడండి. వెళ్లదు. వెంటనే స్విచ్‌లో ఇది కొట్టండి:

```
show mac address-table
```

PC2 ఇంతవరకూ ఏమీ పంపకపోతే అందులో కనిపించదు, అది తప్పు కాదు. సిస్కో స్విచ్‌ల్లో మామూలుగా 300 సెకన్లు ఆ అడ్రస్ నుంచి ఏమీ రాకపోతే ఎంట్రీ పోతుంది. అప్పుడు దానికొచ్చే ఫ్రేమ్ మళ్లీ అందరికీ వెళ్తుంది.