టెక్ సందేహాలు: కెమెరా అద్దెకిచ్చే ముందు తెల్ల గోడను ఫొటో తీయండి

ప్రశ్న: నా మిర్రర్‌లెస్ కెమెరా, రెండు లెన్సులు చాలా రోజులు ఖాళీగానే ఉంటున్నాయి. అద్దెకిద్దామని ఉంది. కానీ ఎవరైనా పాడుచేసి తెచ్చి, ‘మీరిచ్చినప్పుడే ఇలా ఉంది’ అంటే ఎలా? అదే టెన్షన్.

జవాబు: బాడీ మీద గీతలు, సొట్టలు కంటికి కనిపిస్తాయి కాబట్టి వాటికి ఇచ్చేటప్పుడు ఒక వీడియో చాలు. అసలు గొడవంతా కంటికి కనిపించని సెన్సర్ దగ్గరే వస్తుంది.

కెమెరా ఇచ్చే ముందు, తీసుకునేవారి ఎదుటే ఒక టెస్ట్ ఫొటో తీయండి. ఎపర్చర్ f/16, ఐఎస్ఓ 100 పెట్టి, ఫోకస్‌ను మాన్యువల్‌లో తప్పించి, వెలుతురు బాగా పడే తెల్ల గోడను తీయాలి. తిరిగి తెచ్చినప్పుడు అదే లెన్సుతో, అవే సెట్టింగులతో మళ్లీ తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

రెండో ఫొటోలో కొత్తగా బూడిదరంగు మచ్చలు కనిపించాయనుకుందాం. వెంటనే డిపాజిట్ పట్టుకోకండి. ఎపర్చర్‌ను f/2.8 దాకా తెరిచి ఇంకో ఫొటో తీయండి. మచ్చలు పలచబడినా, మాయమైనా అది దుమ్ము. లెన్సులు మార్చేటప్పుడు ఎవరికైనా పడుతుంది, క్లీనింగ్‌తో పోతుంది. అలా కాకుండా పదునైన రంగు గీతో, చుక్కలో ఏ ఎపర్చర్‌లోనైనా చెక్కుచెదరకుండా అక్కడే ఉంటే సెన్సర్‌కే దెబ్బ తగిలినట్టు. స్టేజీ షోల్లో లేజర్ కిరణం నేరుగా లెన్సులోకి పడితే ఇలా జరుగుతుంది. అది తుడిస్తే పోదు, సాధారణంగా సెన్సరే మార్చాలి. అందుకే దేనికి వాడతారో ముందే అడగండి. లేజర్ లైట్ల షో అంటే నేనైతే ఇవ్వను.

టెస్ట్ ఫొటోను మీ సొంత కార్డులోనే తీసి దాచుకోండి. చాలా కెమెరాలు ఫొటోలోనే బాడీ సీరియల్ నంబర్ రాస్తాయి. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో చూడొచ్చు:

```
exiftool -SerialNumber -LensSerialNumber test.jpg
```

లెన్సు నంబర్ అన్నిసార్లూ రాదు. అది రాకపోతే లెన్సు మీది నంబర్‌నే ఫొటో తీయండి. లేకపోతే మీ లెన్సు బదులు అదే మోడల్ పాతది తిరిగొచ్చినా పట్టుకోలేరు.

మెమరీ కార్డు మాత్రం అద్దెకివ్వకండి. డిలీట్ చేసిన మీ ఫొటోలను రికవరీ సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయొచ్చు. కెమెరాలో సేవ్ అయిన వైఫై పాస్‌వర్డ్, ఫోన్ జత కూడా రీసెట్ చేసి ఇవ్వండి.

ఇక దొంగతనం భయం. ఐడీ కార్డు ఫొటో ఒక్కటే నమ్మితే మోసపోతారు, అది ఇంకొకరిది కావచ్చు. కార్డులోని మనిషే స్వయంగా వచ్చి తీసుకోవాలి, డిపాజిట్ కూడా ఆ పేరున్న ఖాతా నుంచే రావాలి. ఈ రెండింటిలో దేనికి సాకులు చెప్పినా బేరం వదిలేయండి. మీకు ఇన్సూరెన్స్ ఉంటే పాలసీలో ‘అద్దెకిచ్చినప్పుడు’ అనే మాట వెతకండి. ఇంటి పాలసీల్లో చాలావాటికి అది వర్తించదు. వర్తించకపోతే డిపాజిట్ కనీసం సెన్సర్ రిపేరు ఖర్చుకైనా సరిపోవాలి. అంత పెట్టలేమంటే ముందు ఒక్క రోజుకి, చవకైన లెన్సు ఇచ్చి చూడండి.