తెగని స్ట్రింగే మీ మోచేతికి తిప్పలు పెడుతున్నది

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 41 ఏళ్లు, హనుమకొండ. వారానికి నాలుగు రోజులు పొద్దున్నే టెన్నిస్ ఆడుత. స్ట్రింగ్స్ ఊకే తెగుతున్నయని ఆరు నెలల కింద పాలియెస్టర్ వేయించిన, 56 పౌండ్ల టెన్షన్. అప్పటినుంచి ఒక్కటి కూడా తెగలే, కానీ రెండు నెలలుగా కుడి మోచేయి బయటి వైపు నొప్పి, చాయ్ కప్పు లేపినా గుంజుతున్నది. టెన్నిస్ ఎల్బో అన్నరు, ఇంజెక్షన్ తీసుకోమంటున్నరు. మా కోర్టులో ఒకాయన టెన్షన్ తగ్గిస్తే చాలు అంటడు, ఇంకొకాయన నేచురల్ గట్ వేయించుకో అంటడు. ఏం చేయాలె?

జవాబు: ముందు ఒక చిన్న టెస్ట్ చేసుకోండి. మోచేయి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, తేలికపాటి కుర్చీని వీపు దగ్గర పట్టుకుని లేపండి. మోచేయి బయటి ఎముక మీద, లేదంటే దానికి కొంచెం కింద కచ్చితంగా ఒక్క చోట చురుక్కుమంటే టెన్నిస్ ఎల్బోనే అనుకోవచ్చు. అట్ల కాకుండా చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నా, నొప్పి మెడ నుంచి దిగుతున్నా, మోచేయి పట్టేసి పూర్తిగా చాపలేకపోతున్నా అది వేరే కథ, అప్పుడు స్ట్రింగ్స్ సంగతి పక్కన పెట్టి ఆర్థోపెడిక్ డాక్టర్‌కు నేరుగా చూపించుకోండి.

ఇక మీ రాకెట్ సంగతి. బంతి స్ట్రింగ్స్ మీద ఉండేది సెకనులో సుమారు 200వ వంతు సేపే, అంత తక్కువ టైంలో చెయ్యి సర్దుకోవడం అనేది జరగదు, వచ్చిన దెబ్బ వచ్చినట్టు మణికట్టును పైకి లేపే కండరం మీద పడుతది, ఆ కండరం అతుక్కునేది మీకు నొప్పి ఉన్న ఆ ఎముక దగ్గరే. స్ట్రింగ్ మెత్తగా సాగితే బంతి ఇంకొంచెం సేపు ఉండి దెబ్బ తీవ్రత తగ్గుతది. పాలియెస్టర్ చాలావరకు ఒకే గట్టి పోగు, సాగడం తక్కువ. మల్టీఫిలమెంట్‌లో వందల సన్నటి నైలాన్ పోగులను జిగురుతో కలిపి పేనుతరు కాబట్టి అది దానికంటే బాగా మెత్తన. నేచురల్ గట్ అన్నింటికంటే మెత్తన, టెన్షన్ కూడా అన్నింటికంటే ఎక్కువ రోజులు నిలుపుకుంటది. పాత సర్జన్లకు క్యాట్‌గట్ దారం గుర్తుండే ఉంటది, ఇది దాని చుట్టమే. పేరులో క్యాట్ ఉన్నా పిల్లికి సంబంధం లేదు, చేసేది ఆవు పేగు పొరతోని. కొందరికి అది ఇష్టం ఉండదు, ముందే తెలిసుండాలని చెప్తున్న.

మీ విషయంలో అసలు సమస్య ఎక్కడంటే, ఒక్కటి కూడా తెగలేదని మీరు సంతోషంగా రాసిన ఆ మాటలోనే ఉంది. పాలియెస్టర్ తెగకముందే చచ్చిపోతది. కొత్తగా ఉన్నప్పుడు బంతి తగలగానే నిలువు స్ట్రింగ్ పక్కకు జరిగి టక్కున వెనక్కి వస్తది, స్పిన్ ఎక్కువ వచ్చేది అందుకే. కొన్ని గంటల ఆటకే ఆ గుణం తగ్గుకుంట పోతది, టెన్షన్ కూడా గబగబా పడిపోతది. ఇంట్ల రాకెట్ తీసి చూడండి, స్ట్రింగ్స్ వంకరగా జరిగిపోయి పాయింట్ పాయింట్‌కు మీరు వేలితో సరిచేస్తున్నరంటే అది ఎప్పుడో పోయినట్టే. అట్లాంటి రాకెట్‌తో బంతి ఎటు పోతదో తెల్వదు, కంట్రోల్ కోసం పిడికిలి గట్టిగ బిగిస్తరు, ఇంకా బలంగా ఊపుతరు, నొప్పి పుట్టేదే అక్కడ. ప్రొఫెషనల్స్ ఇదే వాడుతున్నరు కదా అంటే, వాళ్లు మ్యాచ్‌కు మ్యాచ్‌కు కొత్తవి వేయిస్తరు, మ్యాచ్ మధ్యలో కూడా కొత్త రాకెట్ తీస్తరు. మనం ఆరు నెలలు లాగుతున్నం.

టెన్షన్ తగ్గిస్తే చాలు అన్న మాట సగమే నిజం. తగ్గిస్తే స్ట్రింగ్స్ కొంచెం మెత్తగ అయితయి, అది కరెక్టే, కానీ పాలియెస్టర్‌ను 56 నుంచి 50కి దించినా గట్టి పదార్థం గట్టి పదార్థమే, అందుకే నా లెక్కలో ముందు స్ట్రింగ్ మార్చాలె, తర్వాతనే నంబర్. మీ రాకెట్ ఫ్రేమ్ మీద టెన్షన్ ఎంత నుంచి ఎంత అని రాసి ఉంటది, చాలా రాకెట్లకు 50 నుంచి 60 మధ్య ఉంటది. ఉన్న పాలియెస్టర్ కోసి పారేసి, 1.30 మిల్లీమీటర్ల మల్టీఫిలమెంట్‌ను 52కి వేయించండి. ఒక వారం ఆడి చూసి, బంతి బేస్‌లైన్ దాటి పోతుంటే తర్వాతి సారి 54 చేయించండి, ఒకేసారి పెద్ద మార్పు వద్దు. ఎప్పుడూ ఒకే షాపులో, ఒకే మెషిన్ మీద వేయించండి, ఎందుకంటే ఒక మెషిన్ మీద 52 ఇంకో మెషిన్ మీద 52 ఒకలెక్క ఉండదు, హ్యాండిల్ తిప్పే పాత మెషిన్ మీద కొంచెం లూజుగా వస్తది.

మల్టీఫిలమెంట్ త్వరగా నలుగుతది, పోగులు లేచి నూలులెక్క కనిపిస్తయి, స్పిన్ ఎక్కువ కొట్టేటోళ్లకు నెలకే తెగొచ్చు. ఆ ఖర్చు ఫిజియోథెరపీ ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి. గట్ మంచిదే, కానీ ధర మల్టీకి కనీసం రెండు మూడు రెట్లు, పైగా దానికి తేమ పడదు, మన దగ్గర వానాకాలంల తడి కోర్టుల మీద ఆడి బంతులు నీళ్లు పీల్చుకుని వస్తుంటే పోగులు ఊడిపోతయి. నా సలహా మొదట మల్టీతోనే మొదలుపెట్టండి. ఎండాకాలం కారు డిక్కీలో రాకెట్ పెట్టి మర్చిపోవద్దు, ఆ వేడికి ఏ స్ట్రింగైనా లూజైపోతది.

నొప్పి పోయినంక స్పిన్ కావాలనిపిస్తే నిలువు స్ట్రింగ్స్ మల్టీ, అడ్డం స్ట్రింగ్స్ మాత్రమే పాలియెస్టర్ వేయించండి, ఎందుకంటే చేతికి తెలిసేది ఎక్కువ నిలువు స్ట్రింగ్సే. ఫెదరర్ కూడా నిలువు గట్, అడ్డం పాలియెస్టర్ వాడిండు. స్ట్రింగ్స్ మధ్య పెట్టే చిన్న రబ్బరు ముక్క, డాంపెనర్, చప్పుడు తగ్గిస్తది, మోచేతికి దాంతో లాభం లేదు.

ఇంజెక్షన్ సంగతికొస్తే, స్టెరాయిడ్ అయితే నేను తొందరపడొద్దంటా. మొదటి కొన్ని వారాలు మాయలెక్క పనిచేస్తది, ఆ ధైర్యంతో మళ్లీ ఆడుతరు, ఏడాదికి చూస్తే ఇంజెక్షన్ తీసుకోనోళ్ల కంటే వెనకబడుతున్నరు. దాని బదులు మూడు వారాలు రాకెట్ పక్కన పెట్టి, బల్ల మీద ముంజేయి ఆనించి, అరచెయ్యి కిందికి ఉంచి, అర లీటర్ వాటర్ బాటిల్ పట్టుకోండి. ఎడమ చేత్తో కుడి మణికట్టును పైకి లేపి, కుడి చేత్తోనే నాలుగు సెకన్లు తీసుకుని మెల్లగ కిందికి దించండి, 15 సార్లు, మూడు విడతలు, రోజూ. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫర్వాలేదు, మర్నాడు పొద్దున ఎక్కువైతే మాత్రం బరువు తగ్గించండి. రెండు వారాలైనంక లీటర్ బాటిల్‌కు మారండి. దీనికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతది, చాలామంది రెండో వారంలోనే వదిలేస్తరు. నాలుగో వారం నుంచి అరగంట చాలు, కొత్త స్ట్రింగ్స్‌తో, ఫోర్‌హ్యాండ్ మెల్లగ. ఒంటి చేతి బ్యాక్‌హ్యాండ్ కుర్చీ టెస్ట్ నొప్పి లేకుండ అయ్యేదాకా వద్దు. మూడు నెలలు ఇట్ల చేసినా కప్పు లేపడం కష్టంగానే ఉంటే అప్పుడు అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించి ఆ కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ, టెండన్, చిరిగిందా చూపించుకోండి.