కౌంటర్ ఆఫర్ తయారయ్యే గదిలో కూర్చున్నవాడి జవాబు

ప్రశ్న: మంచి ఆఫర్ వచ్చిందని రిజైన్ చేశాను. ఇప్పుడు మా కంపెనీవాళ్ళే జీతం పెంచుతాం, ఆగిపో అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

వద్దండీ. ఒక్క మినహాయింపు ఉంది, అది చివర్లో చెబుతాను.

హైదరాబాద్ ఐటీ సర్వీసెస్‌లో చాలా ఏళ్ళు డెలివరీ మేనేజర్‌గా చేశాను. నా టీమ్‌లో ఎవరైనా పేపర్లు పెడితే, వాళ్ళను ఆపడానికి ఇచ్చే కౌంటర్ ఆఫర్‌కి కాగితాలు నడిపేది నేనే. అందుకే చెబుతున్నాను. అక్కడ లెక్క వేసేది మీ విలువ కాదు. మీ సీటు ఖాళీ అయితే అందులో ఇంకొకరిని నిలబెట్టడానికి ఎన్ని నెలలు పడుతుందన్నది.

ఒక గుంటూరు కుర్రాడు ఉండేవాడు నా దగ్గర. విదేశీ బ్యాంకు ప్రాజెక్టు. రాత్రిపూట కంప్యూటర్లలో వాటంతటవే నడిచే పనులు, బ్యాచ్ జాబులంటాం, అవన్నీ అతని చేతిలోనే. ఏదైనా ఫెయిలైతే తెల్లవారుజామున లేపేది అతన్నే. జీతం 12 లక్షలు. అంతకుముందు ఏప్రిల్‌లో అతనికి ఇంకొంచెం పెంచమని నేను అడిగితే, యూనిట్‌లో బడ్జెట్ లేదన్నారు. సరే, అతను బయట వెతుక్కుని 18 లక్షల ఆఫర్ తెచ్చుకున్నాడు. మొత్తం ఫిక్స్‌డే, వేరియబుల్ లేదు. పోర్టల్‌లో రిజైన్ నొక్కాడు.

అదే రోజు సాయంత్రం మా పైవాళ్ళు కాల్ పెట్టారు. హెచ్ఆర్ నుంచి ఒక ఫారం వచ్చింది. ఈ మనిషి ఎందుకు కీలకం, క్లయింటుకు తెలుసా, బదులు మనిషి సిద్ధం కావడానికి ఎంత సమయం పడుతుంది, ఇవీ అందులో గడులు. చివరి గడిలో 5 నెలలు అని రాశాను, నిజంగానే అంత పడుతుంది. నోటీస్ పీరియడ్ 90 రోజులే. ఆ మిగిలిన రెండు నెలల గుంత పూడ్చడానికే డబ్బు బయటికొచ్చింది. ఏప్రిల్‌లో లేని బడ్జెట్ వారం తిరక్కుండా వచ్చేసింది. ఇందులో కుట్రేమీ లేదు, ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఫారంలో ఆ గడి ఉంది, అంతే.

లెటర్‌లో 17.5 లక్షలు అని ఉంది. అతను క్యాంటీన్‌లో నా ఎదురుగా కూర్చుని, "అన్నా, తేడా 50 వేలే కదా. కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి అందరికీ ప్రూవ్ చేసుకునే బదులు ఇక్కడే ఉంటే పోలా?" అన్నాడు. జీతం బ్రేకప్, అంటే ఏ భాగం ఎంతో, చదివావా అని అడిగాను. చదవలేదు. మన వాళ్ళు ఫోన్ కొనేటప్పుడు పది వీడియోలు చూస్తారు, ఆఫర్ లెటర్‌లో మాత్రం మొదటి పేజీలో ఉన్న పెద్ద అంకె చూసి మూసేస్తారు.

ఆ 17.5లో ఫిక్స్‌డ్ 14 లక్షలు. వేరియబుల్ లక్షన్నర, అదీ కంపెనీ ఫలితాలు బాగుంటేనే పూర్తిగా వస్తుంది. మిగతా 2 లక్షలు రిటెన్షన్ బోనస్, ఒక్కసారే ఇస్తారు. అంటే రెండో ఏడాదికి 17.5 అన్నది లేనే లేదు, 15.5కి దిగిపోతుంది. ఫిక్స్‌డ్‌కి ఫిక్స్‌డ్ పెట్టి చూస్తే 18కి, 14కి తేడా 4 లక్షలు. పీఎఫ్, ట్యాక్స్ లెక్కలు పక్కన పెట్టినా నెలకు 33 వేల పైచిలుకు. అతను 50 వేలు అనుకున్న తేడా రెండు నెలల్లోపే దాటిపోతుంది.

ఆ బోనస్‌కి ఇంకో తోక ఉంది. 18 నెలల్లోపు మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలి. పైగా ఆ 18 నెలలు లెక్కించేది చివరి పని రోజు వరకు కాదు, రాజీనామా పెట్టిన రోజు వరకు. దీంతో నోటీస్ కలుపుకుని దాదాపు 21 నెలలు కదలకుండా కట్టేసినట్టే. ఇవన్నీ చెప్పాను. పెళ్ళి సంబంధాలు చూస్తున్న సమయం, ఇంట్లోవాళ్ళు ఉన్న చోటే ఉండమన్నారు. ఉండిపోయాడు.

తర్వాత జరిగింది వినండి. వెంటనే ఇద్దరు ఫ్రెషర్లను, పక్కనుండి అతని పని నేర్చుకోమని, అతనికి షాడోగా వేశారు. రాత్రి జాబులన్నీ డాక్యుమెంట్ చేయించారు. ఏప్రిల్‌లో రేటింగ్ బాగానే వచ్చింది, హైక్ మాత్రం సున్నా. "ఆల్రెడీ కరెక్షన్ ఇచ్చాం కదా" అన్నారు. అంటే కౌంటర్ ఆఫర్ పేరుతో ఇచ్చింది చాలావరకు రాబోయే హైకే, కాస్త ముందుగా ఇచ్చారు. ఇక హెచ్1బి రిజిస్ట్రేషన్‌కి మార్చిలో పేర్లు పంపేటప్పుడు అతని పేరు చర్చకే రాలేదు. ఒకసారి వెళ్ళిపోతానన్నవాడి మీద వీసా ఖర్చు పెట్టడానికి ఏ పైవాడూ సంతకం పెట్టడు. ఫ్రెషర్లు చేతికందాక అతన్ని ప్రాజెక్టు నుంచి తీసి, పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద పెట్టారు.

18 నెలలు నిండకుండానే మళ్ళీ పేపర్లు పెట్టాడు, ఈసారి ఎవరూ ఆపలేదు. వెళ్ళేటప్పుడు చేసే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో 2 లక్షలూ కోశారు. బోనస్ వచ్చినప్పుడు అతను 30 శాతం శ్లాబులో ఉన్నాడు. సెస్సుతో కలిపి 31.2 శాతం టీడీఎస్ పోగా చేతికొచ్చింది లక్షా 37,600. కట్టింది మాత్రం 2 లక్షలు. ఆర్థిక సంవత్సరం మారిపోవడంతో జీతంలో సర్దే దారి కూడా లేకపోయింది. ఆ 18 లక్షల కంపెనీ మళ్ళీ పిలవలేదు. ఆఫర్ ఒప్పుకుని చేరనివాళ్ళ పేరు పక్కన ఆ సంగతి వాళ్ళ సిస్టమ్‌లో ఉంటుంది.

అసలు ఈ తలనొప్పికంతటికీ మూలం 90 రోజుల నోటీస్. పాత కంపెనీకి బేరమాడటానికి మూడు నెలలు దొరుకుతుంది. ఉద్యోగికి ఒక ఆఫర్ చూపించి ఇంకోటి తెచ్చుకోవడానికి మూడు నెలలు దొరుకుతుంది. మధ్యలో కన్సల్టెన్సీ వాళ్ళు రోజుకోసారి "సర్, జాయిన్ అవుతున్నారు కదా?" అని ఫోన్లు. తీరా అందరూ కలిసి ఈ జనరేషన్‌కి లాయల్టీ లేదంటారు. నోటీస్ 30 రోజులు చేస్తే ఈ కౌంటర్ ఆఫర్లు సగానికి సగం మాయమవుతాయని నా గట్టి నమ్మకం.

గ్రాట్యుటీ కోసం ఆగమని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు. అయిదేళ్ళకు కొంచెం తక్కువలో ఉంటే ఆ మాట పట్టించుకోవాల్సిందే. 50 వేల బేసిక్ మీద అయిదేళ్ళకు వచ్చేది లక్షా 44 వేల చిల్లర, వదులుకునే మొత్తం కాదు. కానీ నోటీస్‌లో పనిచేసే మూడు నెలలూ సర్వీసులోకే వస్తాయి. చాలాసార్లు ఆ నోటీస్‌తోనే అయిదేళ్ళు నిండిపోతాయి. దానికోసం కౌంటర్ ఆఫర్ ఒప్పుకోనక్కర్లేదు.

ఇక మినహాయింపు. మీరు వెళ్ళేది కేవలం డబ్బుకే అయి, వాళ్ళు ఫిక్స్‌డ్‌నే కొత్త ఆఫర్‌కి సమానం చేసి, బోనస్ కండిషన్లు లేకుండా, వచ్చే ఏప్రిల్ హైక్‌కి దీనికి సంబంధం లేదని మెయిల్‌లో రాసిస్తే ఉండండి. ఆ మెయిల్ అడిగి చూడండి. నా అనుభవంలో ఒక్క హెచ్ఆర్ కూడా రాసివ్వలేదు. "అవన్నీ మేం చూసుకుంటాం" అని నోటితోనే చెబుతారు. చెప్పిన మేనేజర్ ఆర్నెల్లలో వేరే అకౌంట్‌కి మారిపోతాడు.

ఏది చేసినా, సవరించిన లెటర్ మీద సంతకాలయ్యి, అందులో ఏ తేదీ నుంచి అమలవుతుందో కనిపించేదాకా పోర్టల్‌లో విత్‌డ్రా నొక్కకండి. నొక్కితే మీ చివరి పని రోజు రద్దయిపోతుంది. లెటర్ చూశాక మనసు మారినా, 90 రోజులు మళ్ళీ ఒకటో రోజు నుంచే లెక్క.